రెండు నిమిషాలు, ఒక బంతి

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎస్పీఎల్ ఎన్నికలు జులైలో జరుగుతాయి. సోషల్ చెప్పే మాస్టారిని కాబట్టి ఆ బాధ్యత నాదే. బ్యాలెట్ కాగితాలు కత్తిరించడం, గుర్తులకు చీటీలు తీయడం, వేలికి సిరా పెట్టడం నాకు కష్టమనిపించదు. కష్టమల్లా పోలింగుకు ముందు ప్రార్థన దగ్గర అభ్యర్థులు ఇచ్చే ప్రసంగాలు వినడమే. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఐదుగురు నిలబడితే పది నిమిషాలు, అంతకు మించి హెచ్చెమ్ గారు ఒప్పుకోరు. ఆ రెండు నిమిషాల్లో పిల్లలు తమను తాము పరిచయం చేసుకునే తీరు చూస్తే, పెద్దల రాజకీయాల్లో ఏది అంటుకుంటుందో ఏది రాలిపోతుందో కూడా తెలిసిపోతుంది.

రెండు నిమిషాలంటే ఎంత? గడియారం పెట్టుకుని చూస్తే మా పిల్లలు నిమిషానికి వంద మాటలకు అటూ ఇటూ మాట్లాడతారు. మైకు సర్దుకోవడం, మధ్యలో వెనక వరస కేకలు, చప్పట్లు పోగా చేతికి మిగిలేది నూట యాభై మాటలు. అందులో "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, ఉపాధ్యాయ బృందానికి, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు నా హృదయపూర్వక నమస్సులు" అన్నదానికి కొంత పోతుంది. పైగా అందులో సగంమందికి ఓటే లేదు. తర్వాత పేరు, తరగతి, సెక్షన్, తండ్రి పేరు. ఇంతదూరం వచ్చేసరికి ముందు వరసలో ఆరో తరగతి వాళ్లు చెప్పు కొసతో ఇసుకలో గీతలు గీస్తూ ఉంటారు. అప్పుడు వస్తుంది అసలు మాట: "నన్ను గెలిపిస్తే మన పాఠశాలను అభివృద్ధి పథంలో నడిపించడానికి శాయశక్తులా కృషి చేస్తానని హామీ ఇస్తున్నాను."

ఈ వాక్యం పిల్లలకు ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. పెద్దల దగ్గర ఇది ఊరికే పుట్టలేదు. "కృషి చేస్తాను" అన్నవాణ్ని రేపు ఎవరూ పట్టుకోలేరు. చేశానంటాడు, ఫలితం రాలేదంటాడు. తప్పించుకోవడానికి ముందే తీసి పెట్టుకున్న దొడ్డిదారి అది. పదమూడేళ్ల పిల్లకు ఆ దొడ్డిదారితో పని లేదు. అయినా వాళ్ల నాన్న ప్రసంగం రాసిచ్చేటప్పుడు దాన్ని కూడా రాసిచ్చేస్తాడు.

ఒక ఏడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అలాంటి కాగితమే తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఒకసారి చూడండి మాస్టారూ" అంది. అందులో మంచినీళ్లు, మరుగుదొడ్ల శుభ్రత, ఆటవస్తువులు, క్రమశిక్షణ, పచ్చదనం, ఇంకా ఏవేవో ఉన్నాయి. చివర ఒక శ్లోకం కూడా ఉంది. నేను దిద్దలేదు. మిగతా అభ్యర్థులకు చెప్పే మాటే ఆమెకూ చెప్పాను: "ఒక్కొక్కదానికీ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని రా."

మధ్యాహ్నం భోజనాల వేళ తిరిగి తిరిగి వచ్చింది. మరుగుదొడ్ల సంగతి నీళ్ల మోటారు దగ్గర ఆగింది. మోటారు బాగుచేయించడం హెచ్చెమ్ గారి చేతిలోనూ పూర్తిగా లేదు, డబ్బు పైనుంచి రావాలి. మంచినీళ్లదీ అదే కథ. క్రమశిక్షణకు తాళమే లేదు. పచ్చదనం అంటే మొక్కలు. మొక్కలు ప్రతి ఏడూ నాటుతూనే ఉన్నాం, వేసవి సెలవుల్లో ఎండిపోతూనే ఉన్నాయి. ఒక్క ఆటవస్తువుల తాళం మాత్రం నిజంగా తాళమే. స్టోరు గది తాళం. పీఈటీ సారు జేబులో ఉంటుంది.

ఆయన చెప్పిన మాట ఆమె చెప్పినట్టే చెబుతాను. "బంతులు లేక కాదమ్మా. రెండు వాలీబాళ్లు, ఒక ఫుట్‌బాలు, ఒక త్రోబాలు ఉన్నాయి. ఇస్తే తిరిగి రావడం లేదు. పదో తరగతి మగపిల్లలైతే నాకు ముఖాలు తెలుసు, అడిగి తెచ్చుకుంటాను. చిన్నవాళ్లకిస్తే ఎవణ్ని అడగను? ఎవరైనా సంతకం పెట్టి తీసుకుని సాయంత్రం తెచ్చిస్తానంటే ఏ తరగతికైనా ఇస్తాను."

ప్రసంగం మొత్తం ఇందులోనే ఉంది. ఆటల పీరియడ్ అన్ని తరగతులకూ ఉంది, బంతి మాత్రం పదో తరగతి దగ్గరే ఆగిపోతోంది. దానికి కారణం పీఈటీ సారు పక్షపాతం కాదు, సంతకం పెట్టేవాడు లేకపోవడం. ఎస్పీఎల్ చేతిలో ఉన్న పని సరిగ్గా అదే. తరగతికి ఒకర్ని నిలబెట్టి సంతకం పెట్టించడానికి ఏ జీవో అక్కర్లేదు. పైనుంచి డబ్బూ రానక్కర్లేదు. ఒక నోటుబుక్కు చాలు.

మా బడిలో ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, వారానికి ఆరు పనిదినాలు. రోజుకొక తరగతి వంతు వేస్తే శుక్రవారంతో అందరికీ వస్తుంది. శనివారం మిగిలిపోతుంది. దాన్ని మండలం ఆటల పోటీలకు వెళ్లే జట్టుకు వదిలేయొచ్చని ఆమే అంది. ఆ జట్టులో ఎక్కువమంది పదో తరగతి వాళ్లే. అంటే బంతి పోగొట్టుకుంటున్నవాళ్లకు ఏదో ఒకటి తిరిగి ఇస్తోందన్నమాట. రాజకీయం నేర్పక్కర్లేదు పిల్లలకు.

వాగ్దానం కుదిరింది. ఇక నోట్లో నిలిచే మాట కావాలి. ఇక్కడ మా తెలుగు మాస్టారు రంగంలోకి దిగారు. ఆయనకు సంగతి చెప్పగానే కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించి "కడబంతికీ బంతి!" అన్నారు. స్టాఫ్ రూములో అందరం ఆహా అన్నాం. ఇప్పుడు తలచుకున్నా ఆహా అనే అంటాను. పెళ్లిలో చివరి పంక్తిలో కూర్చున్నవాడికి వడ్డన ఎలా అందుతుందో, చివరి తరగతి పిల్లాడికి ఆట అలా అందడం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత కూడా వెనక నుంచి వినపడుతోంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఆ అమ్మాయి మాత్రం తలూపి ఊరుకోలేదు. సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర ఆరో తరగతి పిల్లల్ని నలుగుర్ని ఆపి చెప్పి చూసింది. ఒకడు అడిగాడట: "అక్కా, కడబంతి అంటే క్రికెట్ బంతా, టెన్నిస్ బంతా?" ఊళ్లో ఇప్పుడు పెళ్లిళ్లన్నీ బఫేలు. ఆ పిల్లాడు బంతి భోజనం చూసి ఉండడు. మర్నాడు ఆమె ఈ సంగతి చెబితే తెలుగు మాస్టారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. కానీ ఓటు వేసేది ఆయన కాదు, ఆ పిల్లాడు. నినాదం మెచ్చుకునేవాళ్ల కోసం కాదు, ఇంకొకడికి చెప్పేవాళ్ల కోసం. మెచ్చుకున్నవాడు ఆహా అని తన దగ్గరే ఉంచేసుకుంటాడు.

మనకు తెలిసిన నినాదాల్లో నేను తరగతి గదిలో ఎప్పుడూ చెప్పేది "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు". 1966లో ఉద్యమం నడిచినప్పుడు రాష్ట్రమంతా పలికిన మాట. దానికి ప్రాస ఉందని అందరూ అంటారు, నిజమే. కానీ ప్రాస ఉన్న నినాదాలు వందలు పుట్టాయి, వందలు పోయాయి. దీన్ని కొంచెం దగ్గరగా చూడండి. మాత్రలు లెక్కపెడితే "విశాఖ" నాలుగు, "ఉక్కు" మూడు. "ఆంధ్రుల" నాలుగు, "హక్కు" మూడు. ఏడుకు ఏడు సరి. గుంపులో ఒకరు ముందు సగం అంటే, మిగతావాళ్లు రెండో సగం అదే ఊపులో అందుకోవచ్చు. రెండుసార్లూ ఊపిరి వచ్చి "క్కు" మీద గట్టిగా పడుతుంది. నడుస్తూ అరవడానికి వీలైన మాట అది. ఇది ఒక సంగతి. అంతకన్నా ముఖ్యమైనది, అందులో విశేషణం ఒక్కటీ లేదు. ఏమిటి కావాలి, ఉక్కు. ఎక్కడ కావాలి, విశాఖలో. ఎవరికి, ఆంధ్రులకు. ఏ లెక్కన, హక్కుగా. కోరిక మొత్తం నాలుగు మాటల్లో ఉంది. ఫ్యాక్టరీ పెడతామని ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించింది 1970లో, శంకుస్థాపన చేసింది 1971లో. ఇన్నేళ్ల తర్వాత ఆ ఫ్యాక్టరీ గురించి మళ్లీ రోడ్డెక్కినవాళ్లు కూడా కొత్త నినాదం వెతుక్కోలేదు.

ప్రాస లేకుండానూ పని జరుగుతుంది. 1983 ఎన్నికల్లో ఎన్టీ రామారావు గారి "రెండు రూపాయలకు కిలో బియ్యం" లో ఏ అలంకారమూ లేదు. ధర ఉంది, తూకం ఉంది. అది నినాదమా, వాగ్దానమా అని విడదీయడం ఎవరివల్లా కాదు. నెరవేరిందో లేదో తేల్చడానికి పేపరు చదవక్కర్లేదు, రేషన్ షాపుకు సంచి పట్టుకుని వెళితే చాలు. పిల్లలకు నేను చెప్పదలచుకున్నది కూడా ఇంతే: నినాదాన్ని వాగ్దానంలోంచి కోసి తీయాలి. విడిగా తయారు చేసి అతికిస్తే అది ఆకాశంలో ఎగురుతుంది, వాగ్దానం నేల మీద మిగిలిపోతుంది.

అతికించిన దానికి ఉదాహరణ ఆ ఏడే ఎదురైంది. ఇంకొక అభ్యర్థి, చురుకైన కుర్రాడు, చెయ్యి గడ్డం కింద పెట్టి "తగ్గేదే లే" అని మొదలుపెట్టాడు. బడి బడంతా ఊగిపోయింది. ఈలలు. మైకు కూడా కీచుమంది. అతనికి కేటాయించిన సమయంలో పావు వంతు ఆ గోలకే పోయింది. మర్నాడు నేను ఎనిమిదో తరగతిలో "నిన్న ఆ అన్న ఏం చేస్తానన్నాడ్రా?" అని అడిగాను. "అల్లు అర్జున్‌లా చేశాడు సార్" అన్నారు. అరువు తెచ్చుకున్న మాటతో ఇదే చిక్కు. మాట గుర్తుంటుంది, కానీ అది ఎవరి దగ్గర నుంచి తెచ్చామో వాళ్ల ఖాతాలోకే పోతుంది.

మర్నాడు నేను అడిగిన ఆ ప్రశ్న ఏ ప్రసంగానికైనా పనికొస్తుంది. మా బడిలో ప్రసంగాలకూ పోలింగుకూ మధ్య రెండు రోజులు వ్యవధి ఉంటుంది. ఆ రెండు రోజుల్లో ప్రసంగం మొత్తం కరిగిపోయి ఒక ముక్క మిగులుతుంది. అది ఏ ముక్కో ముందే తెలుసుకోవాలంటే, మన ప్రసంగం ఒక చిన్న పిల్లాడికి వినిపించి, మర్నాడు వాడినే అడగాలి. "బాగా మాట్లాడావక్కా" అన్నాడంటే ప్రసంగం పోయినట్టే. ఆ మెచ్చుకోలుకు పొంగిపోయి ఓడినవాళ్లను చాలామందిని చూశాను. "నువ్వు గెలిస్తే మాకు బంతి ఇస్తారటగా?" అన్నాడంటే నిలిచినట్టు.

ఆ అమ్మాయి చివరికి ఖాయం చేసుకున్న మాట "మీ వారం, మీ బంతి". తెలుగు మాస్టారి మాటతో పోలిస్తే చప్పగా ఉంటుంది. కానీ అందులో వంతు ఉంది, వస్తువు ఉంది, "మీ" రెండుసార్లు ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. చీటీల్లో ఆమెకు గొడుగు గుర్తు వచ్చింది. "గొడుగు నీడ, అందరికీ తోడు" అని ఇంకొకటి కూడా కలపమని స్నేహితురాళ్లు పట్టుబట్టారు. వినడానికి బాగానే ఉంది. కానీ రెండు నినాదాలు చెప్పిన అభ్యర్థిది ఒక్కటీ గుర్తుండదు. పైగా గొడుగు నీడలో ఏం ఇస్తావని ఎవరైనా అడిగితే చెప్పడానికేమీ లేదు. వద్దనుకుంది.

ప్రార్థన దగ్గర ఆమె మాట్లాడింది ఇంచుమించు ఇది:

"అందరికీ నమస్కారం. ఆరో తరగతి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, బడి తెరిచినప్పటి నుంచి మన బడి వాలీబాల్ ముట్టుకున్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. ఎవరూ లేరు. ఏడో తరగతి? ఇద్దరు. ఆటల పీరియడ్ మీకూ ఉంది, బంతే మీదాకా రావడం లేదు. నేను పీఈటీ సారును అడిగాను. పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్లి సాయంత్రం తిరిగి ఇస్తే ఏ తరగతికైనా ఇస్తానన్నారు. నన్ను గెలిపిస్తే, గెలిచిన తర్వాత వచ్చే సోమవారం నుంచి రోజుకొక తరగతి వంతు. సోమవారం ఆరు, మంగళవారం ఏడు, బుధవారం ఎనిమిది, గురువారం తొమ్మిది, శుక్రవారం పది. శనివారం స్కూలు జట్టుకు. ఈ పట్టిక నోటీసు బోర్డు మీద పెడతాను. మీ వంతు రోజు బంతి రాకపోతే నన్ను ఆపి అడగండి. మీ వారం, మీ బంతి. నేను తొమ్మిదో తరగతి. నా గుర్తు గొడుగు."

తొమ్మిదో తరగతి అన్నచోట తన పేరు కూడా చెప్పింది, ఇక్కడ నేను తీసేశాను. రెండు నిమిషాలు నిండలేదు. నిండనందుకు ఆమె స్నేహితురాళ్లు కంగారు పడ్డారు గానీ అది మంచికే. మిగిలిన సమయంలో ఏదో ఒకటి చెబుదామనుకునేవాళ్లే "చివరగా ఒక్క మాట" అని మొదలుపెట్టి, అప్పటిదాకా చెప్పినదాన్ని కప్పేస్తారు.

పేరు ఎక్కడ చెప్పిందో గమనించాలి. మనవాళ్లు పేరుతో మొదలుపెడతారు, మర్యాద అనుకుంటారు. కానీ ఎవరో తెలియని మనిషి పేరు మొదట వింటే అది చెవిలో దిగదు, పట్టుకోవడానికి కొక్కెం ఉండదు. బంతి సంగతి తేలాక "ఈ మాట అంటున్నదెవరు?" అన్న ఆసక్తి పుడుతుంది. అప్పుడు చెప్పాలి. గుర్తు అన్నిటికన్నా చివర చెప్పాలి, ఓటరుకు కాగితం మీద కనపడేది అదే కాబట్టి. ఇక చేతులెత్తించడం సంగతి. అది నాటకం కాదు. జవాబు ఏమొస్తుందో ఆమెకు ముందే తెలుసు, ముందురోజే తరగతులకు వెళ్లి అడిగి వచ్చింది. తెలియకుండా అడిగి ఉంటే వెనక వరస ఆకతాయిలు అందరూ చేతులెత్తేసి ఉండేవాళ్లు.

సూటిగా వాగ్దానం చేస్తే నష్టం లేదని మాత్రం అనుకోవద్దు. లెక్క తేలిక కోసం మేం తరగతికో డబ్బా పెడతాం, కాబట్టి ఎవరు ఎటు వేశారో తరగతులవారీగా తెలిసింది. పదో తరగతి డబ్బాలో ఆమెకు ఓట్లు పడలేదనే చెప్పాలి. పడతాయని ఎలా అనుకుంటాం? వారమంతా తమ దగ్గరున్న బంతిని ఒక్క శుక్రవారానికి కుదిస్తానంది. "అందరినీ కలుపుకుని పోతాను" అని ఉంటే వాళ్లలో కొందరైనా వేసేవాళ్లు. పనికొచ్చే వాగ్దానం ఏదైనా ఎవరో ఒకరి దగ్గర నుంచి ఏదో ఒకటి తీసుకోకుండా రాదు. ఆ తీసుకునేది ఎవరి దగ్గర నుంచో, వాళ్ల ఓట్లెన్నో ముందే లెక్క వేసుకోవాలి. ఐదు తరగతులూ ఇంచుమించు సమానమే కాబట్టి ఆమె ఒక వంతు వదులుకుని నాలుగు వంతుల కోసం మాట్లాడింది. ఆరు, ఏడు తరగతుల డబ్బాలే గెలిపించాయి.

గెలిచాక కొన్ని వారాలు పట్టిక చక్కగా నడిచింది. తర్వాత ఒక వాలీబాల్ గాలి పోయింది, పంపు సూది కనపడలేదు. రెండోది పోటీలకు వెళ్లింది. ఒక సోమవారం ఆరో తరగతి వంతుకు బంతి రాలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలు వరసలో కూర్చుని పళ్లేల మీద చేతులతో కొడుతూ "మా వారం! మా బంతి!" అని అందుకున్నారు. "మీ" తీసేసి "మా" పెట్టుకున్నారంతే, ఎవరూ నేర్పలేదు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది గానీ, సాయంత్రానికల్లా సైకిల్ షాపు నుంచి సూది తెచ్చింది. "అభివృద్ధి పథం" అన్నవాణ్ని ఇలా పళ్లెం కొట్టి అడగడం సాధ్యమేనా?

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల మాత్రం జరుగుతున్నాయి. అక్కడ లింగ్డో కమిటీ 2006లో సూచించిన నియమాల ప్రకారం అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వేయకూడదు, చేతిరాతవే అంటించాలి. డబ్బుకు అలా కళ్లెం వేసిన చోట నోటి మాటకే విలువ. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది ఆ గడప తొక్కరు. వాళ్ల జీవితంలో తమకోసం తాము ఓటు అడగడం ఈ ఎస్పీఎల్ ఎన్నికతోనే మొదలై దానితోనే ముగుస్తుంది.

అందుకే తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ అమ్మాయో అబ్బాయో ఎన్నికల్లో నిలబడుతున్నానని ఇంటికొస్తే, కాగితం కలం తీసి ప్రసంగం రాసివ్వకండి. వాట్సాప్‌లో వచ్చినదాన్ని అసలే ఇవ్వకండి. బడికి తిరిగి పంపి, తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయో కనుక్కుని రమ్మనండి. నమస్కారం ఒక్క మాటలో ముగించమనండి. రెండు నిమిషాలు దాటితే మైకు నేనే తీసుకుంటాను.